పాస్‌వర్డ్ మార్చేటప్పుడు డబ్ల్యూపీఏ2 పెట్టాలా, డబ్ల్యూపీఏ3 పెట్టాలా, రెండూ కలిపి పెట్టాలా?

ప్రశ్న: అన్నా, మాది తిరుపతి, కోర్లగుంట. కింద మేముంటాం, పైన రెండు పోర్షన్లు అద్దెకిచ్చాం. పాతవాళ్లు ఖాళీ చేశారని వైఫై పాస్‌వర్డ్ మార్చబోతే సెక్యూరిటీ దగ్గర ఆరు రకాలు కనిపించాయి. కొత్తదే మంచిదని `WPA3-SAE` పెట్టాను. రెండు కెమెరాలు, ప్రింటర్, గీజర్‌కి పెట్టిన స్మార్ట్ ప్లగ్ అన్నీ ఆగిపోయాయి. మళ్లీ `WPA2-PSK/WPA3-SAE` పెడితే అన్నీ వచ్చేశాయి. ఇలాగే వదిలేయొచ్చా?

జవాబు:

వదిలేయొచ్చు తమ్ముడూ, కాకపోతే నీ పాస్‌వర్డ్ గట్టిదై ఉండాలి. అది ఫోన్ నంబరో, పుట్టిన తేదీయో, ఇంటి పేరు పక్కన 123 తగిలించిందో అయితే మాత్రం ఆ మిక్స్‌డ్ మోడ్‌లో డబ్ల్యూపీఏ3 అని పేరుకే ఉంటుంది, నీకు దాని వల్ల ఒరిగేది చాలా తక్కువ. ఎందుకో కింద చెప్తాను. నన్నడిగితే నీ ఇంటికి సరైన పద్ధతి వేరే ఉంది. రూటర్‌లో రెండు వైఫై పేర్లు పెట్టు. ఫోన్లకూ ల్యాప్‌టాప్‌లకూ ఒక పేరు, అది డబ్ల్యూపీఏ3 మాత్రమే. కెమెరాలకూ ప్లగ్గుకూ ప్రింటర్‌కూ ఇంకో పేరు, అది డబ్ల్యూపీఏ2, డేటాకు తాళం వేసే పద్ధతి ఏఈఎస్, దానికి వేరే పాస్‌వర్డ్. ఆ రెండో పాస్‌వర్డ్ మనుషులెవరికీ చెప్పొద్దు.

నేను పదిహేనేళ్లుగా తిరుపతిలో ఇళ్లకూ చిన్న లాడ్జిలకూ కెమెరాలు, నెట్‌వర్క్ పనులు చేస్తున్నాను. అద్దెకిచ్చిన ఇళ్లలో నేను ఎక్కువగా చూసే గొడవ నీదే. ఒక్కొక్కరు ఖాళీ చేసినప్పుడల్లా పాస్‌వర్డ్ మార్చాలి, మార్చినప్పుడల్లా నిచ్చెనేసుకుని కెమెరా దగ్గరికెక్కి రీసెట్ కొట్టాలి, ఆ బాధపడలేక చాలామంది మార్చడమే మానేస్తారు. పేర్లు రెండైతే మనుషుల పాస్‌వర్డ్ ఎన్నిసార్లు మార్చినా కెమెరాలను ముట్టుకోవాల్సిన పని ఉండదు. సెక్యూరిటీ సంగతి అటుంచి, ఈ ఒక్కదాని కోసమైనా రెండు పేర్లు పెట్టొచ్చు.

ముందు ఆ ఆరింటిలో పాతవాటిని పక్కకు తోసేద్దాం. `WEP` అనేది 1997 నాటిది, 2001లోనే దాని లోపం బయటపడింది, ఇప్పుడు మామూలు ల్యాప్‌టాప్‌తో నిమిషాల్లో తెరుచుకుంటుంది. పాస్‌వర్డ్ ఎంత పెద్దది పెట్టినా అంతే, లోపం పాస్‌వర్డ్‌లో కాదు, దాన్ని వాడే పద్ధతిలోనే ఉంది. `WPA-PSK` అని ఉత్తగా ఉన్నది 2003లో వచ్చింది. కొత్త పరికరాలు వచ్చేదాకా పాతవాటితోనే ఎలాగో నెట్టుకొద్దామని చేసిన తాత్కాలిక ఏర్పాటు అది, దాని లోపల డేటాకు తాళం వేసే పాత పద్ధతిని టీకేఐపీ అంటారు. `WPA/WPA2-PSK` అని కలిపి ఉండి, పక్కన `TKIP+AES` అని కనిపిస్తే అది కూడా వద్దు. ఇంట్లో ఒక్క పాత వస్తువు కోసం అందరినీ కిందికి లాగే ఏర్పాటు అది. ఐఫోన్‌లో వైఫై పేరు కింద `Weak Security` అని కనిపిస్తే చాలాసార్లు కారణం ఇదే.

టీకేఐపీతో ఇంకో నష్టముంది, అది సెక్యూరిటీ పట్టనివాళ్లకు కూడా వెంటనే అర్థమవుతుంది. రైల్వే స్టేషన్ దగ్గర ఒక చిన్న లాడ్జివాళ్లు పిలిచారు, వంద ఎంబీపీఎస్ ప్లాన్ తీసుకున్నాం, యాత్రికులు నెట్ రావడం లేదని రిసెప్షన్‌లో పోట్లాడుతున్నారని. కేబుల్ పెట్టి చూస్తే తొంభై పైనే వస్తోంది, అదే ల్యాప్‌టాప్‌తో వైఫైలో, రూటర్ పక్కనే నిలబడి చూసినా ఇరవై దాటడం లేదు. అందరూ కనెక్షన్ ఇచ్చినవాళ్లను తిడుతున్నారు. లోపలికెళ్లి చూస్తే సెక్యూరిటీ `WPA-PSK`, ఎన్‌క్రిప్షన్ `TKIP`. ఎప్పుడో ఒక పాత బిల్లింగ్ మెషిన్ కోసం ఎవరో పెట్టి వదిలేశారు, ఆ మెషిన్ తుక్కులోకి పోయి కూడా చాలా కాలమైంది. టీకేఐపీ మీద ఉన్నప్పుడు వైఫై 54 ఎంబీపీఎస్ లింకు దాటి పోకూడదని నియమం, అందులో మన చేతికొచ్చేది ఆ ఇరవై చిల్లరే. `WPA2-PSK`, `AES` చేసి సేవ్ కొట్టాక అదే చోట డెబ్బై దాటింది. వేరే ఏమీ మార్చలేదు.

సరే, ఇక మిగిలింది డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3, రెండూ కలిసిన మిక్స్‌డ్. డబ్ల్యూపీఏ2 2004లో వచ్చింది, 2018లో డబ్ల్యూపీఏ3 ప్రకటించారు. చాలామంది అనుకున్నట్టు డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ పగిలిపోయిందేమీ కాదు. ఏఈఎస్ గట్టిగానే ఉంది. 2017లో క్రాక్ అనే లోపం ఒకటి బయటపడి పెద్ద గోల అయింది కానీ అది అప్‌డేట్లతో సరిపోయింది. డబ్ల్యూపీఏ2లో అప్‌డేట్‌తో పోని బలహీనత ఒకటుంది. అది పాస్‌వర్డ్ తప్పో ఒప్పో సరిచూసుకునే తీరులో ఉంది.

నీ ఫోన్ రూటర్‌కి తగులుకునేటప్పుడు నాలుగు మెసేజ్‌లు అటూ ఇటూ నడుస్తాయి. పాస్‌వర్డ్ అందులో గాలిలోకి పోదు, కానీ పాస్‌వర్డ్ నుంచి లెక్కకట్టిన ఒక గుర్తు మాత్రం పోతుంది. వీధిలో కూర్చున్నవాడు ఆ మెసేజ్‌లను పట్టుకుని దాచుకుంటే చాలు, ఇక నీ ఇంటి దగ్గర వాడికి పని లేదు. తాళం కప్పకు అచ్చు తీసుకుని పోయినట్టు, ఇంటికెళ్లి తీరిగ్గా ఒక్కో పాస్‌వర్డ్ పెట్టి లెక్కకట్టి ఆ గుర్తుతో సరిపోతుందా అని చూసుకుంటాడు. నీ రూటర్‌కి ఆ సంగతే తెలియదు, ఏ లాగ్‌లోనూ కనపడదు.

డబ్ల్యూపీఏ3లో ఆ అచ్చు దొరకదు. అందులో వాడే పద్ధతిని ఎస్ఏఈ అంటారు, రూటర్ మెనూలో `SAE` అని కనిపించేది అదే. అక్కడ పట్టుకున్న మెసేజ్‌లతో ఇంట్లో కూర్చుని సరిచూసుకునే వీలు లేదు. ఒక్కో ఊహకూ మళ్లీ నీ రూటర్‌తోనే మాట్లాడాలి, అంటే ఒక్కో తాళంచెవికీ మళ్లీ గుమ్మం దాకా రావాలి. 2019లో ఎస్ఏఈలోనూ కొన్ని లోపాలు దొరికాయి, వాటికీ అప్‌డేట్లు వచ్చాయి, అందుకే రూటర్ ఫర్మ్‌వేర్ పాతబడనివ్వొద్దంటాను.

ఇంట్లో కూర్చుని ప్రయత్నించడం అంటే ఎంత వేగమో లెక్క చూడు. మన దగ్గర వైఫై పాస్‌వర్డ్ అడిగితే ముందు వచ్చేది ఇంటి యజమాని ఫోన్ నంబరే. పది అంకెలు కదా, వెయ్యి కోట్ల రకాలు, ఎవడు కనుక్కుంటాడులే అనిపిస్తుంది. కానీ మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9తోనే మొదలవుతాయి, కాబట్టి నాలుగు వందల కోట్లకు దిగింది. ఖరీదైన గేమింగ్ గ్రాఫిక్స్ కార్డు ఒక్కటి డబ్ల్యూపీఏ2 పాస్‌వర్డ్‌లను సెకనుకు పది లక్షల చొప్పున సరిచూస్తుంది.

```
4,00,00,00,000 / 10,00,000 = 4,000 సెకన్లు
```

అంటే గంటా ఏడు నిమిషాలు. దేశంలో ఉండగలిగిన మొబైల్ నంబర్లన్నీ, నీ నంబరు, నా నంబరు, అన్నీ అందులో అయిపోతాయి. నిజానికి అంతసేపు కూడా పట్టదు, నీ నంబరు గేటు మీద టులెట్ బోర్డు మీదే ఉంటుంది కదా, మొదటి ప్రయత్నంలోనే దొరుకుతుంది. పుట్టిన తేదీ ఎనిమిది అంకెల్లో పెడితే ఇంకా ఘోరం, వందేళ్ల తేదీలన్నీ కలిపినా ముప్పై ఏడు వేలకు మించవు, సెకను కూడా అక్కర్లేదు. ఎనిమిది చిన్న ఇంగ్లీషు అక్షరాలు ఏవి పడితే అవి పెట్టావనుకో, ఇరవై వేల కోట్లు, రెండున్నర రోజుల పని.

ఇప్పుడు నీ మిక్స్‌డ్ మోడ్ దగ్గరికొద్దాం. `WPA2-PSK/WPA3-SAE` పెట్టినప్పుడు పేరు ఒకటే, పాస్‌వర్డూ ఒకటే. నీ కొత్త ఫోన్ వచ్చి డబ్ల్యూపీఏ3తో తగులుకుంటుంది, దాని దగ్గర అచ్చు దొరకదు. గేటు మీదున్న కెమెరా మాత్రం డబ్ల్యూపీఏ2తో తగులుకుంటుంది, అక్కడ ఆ నాలుగు మెసేజ్‌లూ గాలిలోకి వస్తాయి. పాస్‌వర్డ్ ఒకటే కాబట్టి కెమెరా దగ్గర దొరికితే ఇల్లంతా దొరికినట్టే. కెమెరా ఎప్పుడు కనెక్ట్ అవుతుందా అని వాడు రోజుల తరబడి కాచుకోనక్కర్లేదు కూడా, పాత పరికరాలను ఒక దొంగ మెసేజ్‌తో వైఫై నుంచి తోసేయొచ్చు, తోసేస్తే అవి వెంటనే మళ్లీ తగులుకుంటాయి, అప్పుడు పట్టుకుంటాడు. ఆ దొంగ మెసేజ్‌లను అడ్డుకునే ఏర్పాటును పీఎంఎఫ్ అంటారు, డబ్ల్యూపీఏ3లో అది తప్పనిసరి, మిక్స్‌డ్‌లో మాత్రం ఇష్టముంటే వాడుకో అన్నట్టు ఉంటుంది, పాత కెమెరాలు దాన్ని వాడవు.

అందుకే మొదట్లో అలా అన్నాను. మిక్స్‌డ్ మోడ్‌లో నీ పాస్‌వర్డ్‌కి ఉండే బలం డబ్ల్యూపీఏ2లో ఎంతో అంతే. గట్టి పాస్‌వర్డ్ అయితే రెండూ తట్టుకుంటాయి, మెతకదైతే మిక్స్‌డ్ కాపాడలేదు. రూటర్‌లో రెండో పేరు పెట్టే వీలే లేకపోతే మిక్స్‌డ్‌లో ఉంచి పాస్‌వర్డ్ పొడుగు పెంచు, అందులో తప్పేమీ లేదు, మా ఇంట్లో ఏడాదిపాటు అలాగే నడిచింది.

అద్దెకుండేవాళ్లున్న ఇంటికి డబ్ల్యూపీఏ3 ఎందుకు మంచిదో ఇంకో కారణం ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. డబ్ల్యూపీఏ2లో పాస్‌వర్డ్ తెలిసినవాడు, నీ ఫోన్ కనెక్ట్ అయ్యేటప్పటి మెసేజ్‌లు పట్టుకుంటే, ఆ తర్వాత నీ ఫోన్ పంపేదంతా విప్పుకోగలడు. బ్యాంకు యాప్‌లూ వాట్సాప్ లాంటివీ వాటి తాళం అవే వేసుకుంటాయి కాబట్టి లోపలి సంగతి తెలియదు, కానీ ఏ ఏ సైట్లకు పోతున్నావో చాలావరకు తెలుస్తుంది. పై పోర్షన్‌లో నలుగురు యూనివర్సిటీ కుర్రాళ్లుంటే పాస్‌వర్డ్ నలుగురికీ తెలుసు, వాళ్ల స్నేహితులకూ తెలుసు. డబ్ల్యూపీఏ3లో పాస్‌వర్డ్ తెలిసినా సరే, పక్కవాడి ట్రాఫిక్ అలా విప్పడం కుదరదు, ఒక్కో కనెక్షన్‌కీ తాళం వేరుగా తయారవుతుంది, రేపు పాస్‌వర్డ్ బయటపడినా నిన్న పట్టుకున్నది తెరుచుకోదు.

పని ఎలా చేయాలో చెప్తాను. ఆదివారం పొద్దున లాంటి సమయం చూసుకో, పైవాళ్లకు ముందే చెప్పు, గంట పని. ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో రూటర్‌కి పెట్టుకో. వైఫై మీదుండి వైఫై సెట్టింగులు మారిస్తే సేవ్ కొట్టగానే నువ్వే బయటపడతావు, అప్పుడు సేవ్ అయిందో లేదో తెలియక టెన్షన్. కేబుల్ లేకపోతే కనీసం కొత్త పేరూ పాస్‌వర్డూ కాగితం మీద రాసుకుని, చూసి టైప్ చెయ్యి.

ముందు వస్తువుల పేరు పెట్టు. గెస్ట్ నెట్‌వర్క్ అనో, రెండో ఎస్ఎస్ఐడీ అనో ఉంటుంది, దాన్ని 2.4 గిగాహెర్ట్జ్ మీద మాత్రమే ఆన్ చెయ్యి, చవక ప్లగ్గులూ చాలా కెమెరాలూ 5 గిగాహెర్ట్జ్‌ను చూడనే చూడవు. సెక్యూరిటీ `WPA2-PSK`, ఎన్‌క్రిప్షన్ `AES` (కొన్ని రూటర్లలో `CCMP` అని ఉంటుంది, రెండూ ఒకటే). పీఎంఎఫ్ అనే సెట్టింగు విడిగా కనిపిస్తే ఈ పేరుకు ఆఫ్ చెయ్యి, లేదా `Capable` అని పెట్టు. `Required` పెడితే పాత ప్రింటర్లు తగులుకోవు, కారణమూ చెప్పవు. గెస్ట్ అయితే ఇంకో టిక్కు ఉంటుంది, ఒకరినొకరు చూసుకోకుండా చేసే ఐసోలేషన్. కెమెరాలు ఇంటర్నెట్ మీదుగా యాప్‌లో చూసేవైతే అది ఆన్‌లో ఉన్నా ఫర్వాలేదు, మంచిది కూడా. ఇంట్లోనే రికార్డు చేసే డబ్బా ఉంటే మాత్రం కెమెరాలు దానికి కనపడవు, రికార్డింగ్ ఆగిపోతుంది, నెల తర్వాత ఏదో అవసరమొచ్చి వెతికితే గానీ తెలియదు. కాబట్టి ఆన్ చేశాక రికార్డింగ్ ఒకసారి వెనక్కి తిప్పి చూసుకో.

కెమెరాలు, ప్లగ్గు, ప్రింటర్ మూడూ ఈ కొత్త పేరుకు మార్చు. నిచ్చెన పని ఈ ఒక్కసారికే. కెమెరా యాప్‌లో క్యూఆర్ చూపించి సెట్ చేసేటప్పుడు ఫోన్ కూడా అదే 2.4 పేరు మీద ఉండాలి, లేకపోతే సగంలో ఆగిపోతుంది. ఆ తర్వాత ఫోన్‌ను దానిలోంచి తీసేసి ఫర్గెట్ కొట్టు.

అన్నీ నిలకడగా పనిచేస్తున్నాయని ఒక అరగంట చూసుకున్నాక మనుషుల పేరు మొదలుపెట్టు. దీనికి పాత పేరు వాడొద్దు, కొత్త పేరు పెట్టు. పాత పేరునే డబ్ల్యూపీఏ3కి మారిస్తే, కొన్ని ఫోన్లు పాత డబ్ల్యూపీఏ2 వివరాలతోనే ప్రయత్నించి ప్రయత్నించి తగులుకోలేక ఊరుకుంటాయి, ఫర్గెట్ కొట్టి మళ్లీ కలిపితే గానీ రావు. పైగా అదే పేరుతో ఎవడైనా బయట దొంగ డబ్ల్యూపీఏ2 వైఫై పెడితే, పాత వివరాలు గుర్తుపెట్టుకున్న ఫోన్ దాని దగ్గరికి పోవచ్చు. కొత్త పేరైతే ఈ రెండూ ఉండవు. ఇంటి నంబరు, ఇంటిపేరు అందులో పెట్టకు, రూటర్‌తో వచ్చిన పేరు కూడా ఉంచకు. డబ్ల్యూపీఏ2లో పాస్‌వర్డ్‌తోపాటు పేరు కూడా ఆ లెక్కలో కలుస్తుంది, అందరికీ ఉండే పేర్లకు ముందే లెక్కకట్టి పెట్టుకున్న పట్టికలు ఉంటాయి. ఈ మాట వస్తువుల పేరుకు ఇంకా బాగా వర్తిస్తుంది.

సెక్యూరిటీ `WPA3-SAE` మాత్రమే. ఇప్పుడు ఒక్కో ఫోన్ కలిపి చూడు. ఐఫోన్ 7 నుంచి, ఐఓఎస్ 13 మీద ఉంటే వస్తాయి. ఆండ్రాయిడ్ 10 నుంచి డబ్ల్యూపీఏ3 ఉంది కానీ ఫోన్ లోపలి చిప్ కూడా ఒప్పుకోవాలి, చవక ఫోన్లలో కొన్ని మొరాయిస్తాయి. విండోస్ 10లో 1903 వెర్షన్ నుంచి వస్తుంది, అక్కడా వైఫై కార్డు డ్రైవర్ పాతదైతే రాదు. విండోస్ ల్యాప్‌టాప్‌లో తెలుసుకోవాలంటే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇది కొట్టు:

```
netsh wlan show drivers
```

వచ్చిన జాబితాలో `WPA3-Personal` అని ఉంటే ఆ ల్యాప్‌టాప్ పనికొస్తుంది. లేకపోతే ముందు డ్రైవర్ అప్‌డేట్ చేసి మళ్లీ చూడు. కలిశాక నిజంగా దేని మీద ఉందో చూడాలంటే:

```
netsh wlan show interfaces
```

`Authentication` వరుసలో `WPA3-Personal` అని ఉండాలి. మిక్స్‌డ్ మోడ్‌లో చాలామంది మోసపోయేది ఇక్కడే. రూటర్‌లో డబ్ల్యూపీఏ3 అని కనిపిస్తుంది, ల్యాప్‌టాప్ మాత్రం `WPA2-Personal` మీద నడుస్తూ ఉంటుంది. ఆండ్రాయిడ్‌లో అయితే వైఫై పేరు పక్కన గుర్తు నొక్కితే వివరాల్లో సెక్యూరిటీ ఏదో రాసి ఉంటుంది.

పైన అద్దెకొచ్చినవాళ్లలో ఎవరి దగ్గరైనా పాత ఫోన్ ఉండి కలవకపోతే, దాని కోసం మొత్తాన్ని మిక్స్‌డ్‌కి దించొద్దు. రూటర్‌లో మూడో పేరు వీలుంటే దానికి డబ్ల్యూపీఏ2 పెట్టి, వేరే పాస్‌వర్డ్‌తో ఆ ఒక్కరికి ఇవ్వు. కెమెరాల పేరు మాత్రం ఇవ్వకు. ఆ ఒక్కసారికి ఇచ్చావంటే ఈ కష్టమంతా వృథా, మళ్లీ నిచ్చెనెక్కాలి. మూడో పేరుకు వీలు లేకపోతేనే మనుషుల పేరును మిక్స్‌డ్ చెయ్యి, అప్పుడు కింద చెప్పిన ఐదు పదాల పద్ధతి దానికీ తప్పనిసరి.

పాస్‌వర్డ్‌లు ఎలా ఉండాలంటే, వస్తువుల పేరుకు ఏమాత్రం గుర్తుండనిది పెట్టు. పదహారు అక్షరాలు, చిన్నవీ అంకెలూ కలిపి, రూటరో ఫోనో తయారుచేసి ఇచ్చినది. ఎవరూ రోజూ టైప్ చేయరు కాబట్టి కష్టమేముంది, కాగితం మీద రాసి బీరువాలో పెట్టు. పన్నెండు అక్షరాలున్నా ఇందాకటి కార్డుకు లక్ష ఏళ్లకు పైగా పడుతుంది. @, #, కొటేషన్ లాంటివి అందులో వద్దు, కొన్ని చవక కెమెరాల యాప్‌లు వాటితో తడబడతాయి, పాస్‌వర్డ్ తప్పు అని ఊరికే అంటుంటాయి, నువ్వు గంటసేపు రూటర్‌ను అనుమానిస్తుంటావు.

మనుషుల పేరుకు నోటితో చెప్పగలిగేది కావాలి. ఐదు మాటలు, ఒకదానికొకటి సంబంధం లేనివి, ఇంగ్లీషు అక్షరాల్లో. ఇలాంటివి:

```
gummadi-tapala-eetha-mancham-nalusu
```

(ఇది వాడొద్దు, ఇక్కడ రాసేశాను కదా.) మాటలు నువ్వు ఆలోచించి ఎంచుకోకు, ఆలోచిస్తే తిరుమల, గోవిందా, శ్రీనివాస, బాలాజీ అనే వస్తాయి, మన ఊళ్లో పాస్‌వర్డ్ ఊహించేవాడు మొదట రాసుకునేదే ఆ జాబితా. నిఘంటువు కళ్లు మూసుకుని ఐదుసార్లు తెరువు, వేలు పడిన మాట తీసుకో. వాడి దగ్గర రెండు వేల మాటల జాబితా ఉండి, అందులోంచే ఐదు తీశావని తెలిసినా, డబ్ల్యూపీఏ2 లెక్కలో ఆ కార్డుకు వెయ్యేళ్లు పడుతుంది. నాలుగైతే ఆరు నెలలే, అందుకే ఐదు అంటున్నాను. తెలుగు లిపిలో పెట్టాలని చూడకు, డబ్ల్యూపీఏ2 పాస్‌వర్డ్ ఎనిమిది నుంచి అరవై మూడు మామూలు కీబోర్డు అక్షరాల మధ్యే ఉండాలి, చాలా రూటర్లు తెలుగు అక్షరాలను తీసుకోవు.

డబ్ల్యూపీఏ3 ఉంది కదా, చిన్నది పెట్టుకుంటే ఏంటి అంటావేమో. గుమ్మం దాకా వచ్చి ఒక్కొక్కటే ప్రయత్నించేవాడికి కూడా 12345678, గేటు మీది ఫోన్ నంబరు మొదటి పది ప్రయత్నాల్లోనే దొరుకుతాయి. అక్కడ డబ్ల్యూపీఏ3 చేసేదేమీ లేదు. అలాగే పైవాడు తన ఫోన్‌లోంచి వైఫై క్యూఆర్ తీసి ఎదురింటి స్నేహితుడికి చూపిస్తే ఏ సెక్యూరిటీ మోడూ ఆపలేదు. వాళ్లు ఖాళీ చేసిన రోజున మార్చుకోవడమే దానికి మందు, ఇప్పుడైతే అది రెండు నిమిషాల పని.

ఒకటి మాత్రం మర్చిపోకు, పాస్‌వర్డ్ కొట్టకుండా పిన్‌తోనో బటన్‌తోనో పరికరాలను కలిపే డబ్ల్యూపీఎస్ ఆఫ్ చెయ్యి. రూటర్ వెనక ఎనిమిది అంకెల పిన్ ఉంటుంది చూడు, 2011లోనే తేలింది, దాన్ని రెండు ముక్కలుగా సరిచూస్తారు కాబట్టి పదకొండు వేల ప్రయత్నాలు చాలని. అది తెరిచి ఉంటే నీ ఐదు మాటలూ పక్క తలుపులోంచి దాటేసినట్టే. ప్రింటర్‌ను బటన్ నొక్కి కలపాల్సి వస్తే ఆ రెండు నిమిషాలు ఆన్ చేసి, కలిశాక ఆఫ్ చేసి, ఆఫ్ అయిందో లేదో పేజీ రిఫ్రెష్ చేసి చూడు. కొన్ని రూటర్లలో రీస్టార్ట్ అయ్యాక అదే మళ్లీ ఆన్ అవుతుంది, నేను చూశాను.

నీ జాబితాలో ఇబ్బంది పెట్టేది ప్రింటర్ ఒక్కటే అనుకుంటున్నాను. ఐసోలేషన్ ఆన్‌లో ఉంటే మనుషుల పేరు మీదున్న ల్యాప్‌టాప్‌కి అది కనపడదు. దాని వెనక లాన్ పోర్టు ఉంటే కేబుల్‌తో రూటర్‌కి పెట్టెయ్, వైఫై గొడవే ఉండదు. లేకపోతే యూఎస్‌బీ. రెండూ కుదరకపోతే రూటర్ మోడలూ ప్రింటర్ మోడలూ ఇక్కడ పెట్టు, గెస్ట్ కాకుండా మామూలు రెండో ఎస్ఎస్ఐడీ అందులో ఎక్కడుందో చూసి చెప్తాను.